నిద్రపోయిన బిడ్డ అరికాళ్ళు

ఆ ఉదయం మబ్బు కొండ దిగి మా ప్రసూతి కేంద్రం గుమ్మం దాకా వచ్చేసింది. కిటికీలోంచి చూస్తే అక్రోటు చెట్లు లేవు, లోయ లేదు. ఎక్కడో మేకల గంటలు మాత్రం వినబడుతున్నాయి. నొప్పులతో వచ్చిన ఇత్తో అనే అమ్మాయి కాసేపటికే ఆడపిల్లను కన్నది. రెండు కిలోలకు కాస్త తక్కువ. ఏడ్చింది గానీ, ఎవరినో లేపడం ఇష్టం లేనట్టు మెల్లగా ఏడ్చింది.

"ఆఖరుసారి ముట్టు ఎప్పుడమ్మా?" అని అడిగాను.

ఇత్తో గోడవైపు తిరిగింది. జవాబు ఆమె అత్త తూదా చెప్పింది.

"దాన్నేం అడుగుతావు డాక్టరమ్మా! ఏడాది దాటింది, అక్రోట్లు దులిపే రోజుల్లో నా కొడుకు బాస్సు పోయాడు. అప్పటికే ఇది కడుపులో ఉంది. తండ్రి పోయిన దిగులుకి నిద్రపోయింది. ఇప్పుడు లేచింది."

మా కొండల్లో కడుపులో బిడ్డలు నిద్రపోతారు. తండ్రి దూరదేశం పోయినా, చనిపోయినా, బిడ్డ పెరగడం ఆపి పడుకుంటుందనీ, ఎప్పుడో లేచి పుడుతుందనీ మా అమ్మమ్మ కూడా నమ్మేది. నేను ఇక్కడి పిల్లనే. నవ్వను. కానీ పసిదానికి నెలలు నిండాయో లేదో నాకు తెలియాలి. తల్లి తేదీ చెప్పకపోతే బిడ్డనే అడగాలి.

వెచ్చని దీపం కింద పడుకోబెట్టి, ఒళ్ళు వేడెక్కాక చూశాను. అరికాలి ముందు భాగంలో అడ్డంగా గీతలున్నాయి, మడమవైపంతా నున్నగా ఉంది. చెవి మడిచి వదిలితే ఆలోచించుకుని మరీ వెనక్కి వచ్చింది. రొమ్ము దగ్గర వేలికి తగిలీ తగలని చిన్న గింజ. వీపు మీద ఇంకా నూగు. చేతిని మెడ చుట్టూ కండువాలా లాగితే మోచెయ్యి రొమ్ము మధ్య గీత దాటింది. నిండు నెలల పిల్లయితే అంత దూరం రానివ్వదు. ఒక్కోదానికి మార్కులు వేసి అన్నీ కలిపాను. ముప్పై నాలుగు వారాలు. రెండు వారాలు అటో ఇటో. బరువూ దానికి సరిపోయింది.

నోట్లో వేలు పెడితే రెండుసార్లు చప్పరించి అలిసిపోయింది.

"పట్నం తీసుకెళ్ళాలి, లాల్లా. అంబులెన్సు పిలుస్తున్నాను," అన్నాను తూదాతో. పెద్దావిడని మా కొండల్లో లాల్లా అంటాం.

తూదా లేచి నిలబడింది. "ఏడాది పైగా కడుపులో పండిన పిల్లకి పట్నమెందుకు? కాస్త వెన్నా తేనే నాలుకకి రాస్తే సరి. పట్నం దారిలో ఆ కనుమే నా కొడుకు లారీని మింగింది. ఈ మబ్బులో దీన్ని కూడా దానికి అప్పగించమంటావా?"

"తేనె ముట్టించావంటే నేను ఊరుకోను!" నా గొంతు పెరిగింది. నాకు కోపం తొందరగా వస్తుంది.

ఇత్తో నా మణికట్టు పట్టుకుంది. "నెలలు నిండాయనే చెప్పండి డాక్టరమ్మా. మీకు దణ్ణం పెడతా," అని గొణిగింది. చెయ్యి మంచులా ఉంది. నిజం చెబితే, బాస్సు పోయాక పడ్డ కడుపని తేలి ఇత్తోకి ఇల్లు పోతుంది. చెప్పకపోతే ఆ పసిది పోతుంది.

పసిదాన్ని తీసుకొచ్చి తూదా ముందు అరికాళ్ళు తిప్పి చూపించాను. "పండిన పిల్లకి మడమ దాకా గీతలుంటాయి లాల్లా. దీనికి చూడు. ఎనిమిదో నెల ఇప్పుడిప్పుడే నిండుతోంది. పాలు చప్పరించి, మింగి, ఊపిరి తీసుకునే ఓపిక ఇంకా రాలేదు. ఇక్కడుంటే నేను కాపాడలేను."

ఆమె ఆ నున్నటి మడమను బొటనవేలితో చాలాసేపు నిమిరింది.

"నా బాస్సు కూడా నిద్రపోయినవాడే," అంది చివరికి, ఎవరితో అంటోందో తెలియకుండా. "వాళ్ళ నాన్న పరాయి దేశం గనుల్లో ఉన్నాడు, రెండేళ్ళు. తిరిగొచ్చేసరికి వీడు నా ఒళ్ళో ఉన్నాడు. ఆయన గుమ్మంలోనే నిలబడ్డాడు. తర్వాత వంగి, వీడి అరికాళ్ళు ముద్దు పెట్టుకున్నాడు. చచ్చేదాకా ఒక్క మాట అడగలేదు."

ఇత్తో వెక్కి వెక్కి ఏడవసాగింది.

"ఏడవకే పిచ్చిదానా, పాలు పడవు." తూదా నావైపు తిరిగింది. "పెరిగింది ఎనిమిది నెలలు. అది నీ లెక్క, ఒప్పుకున్నాను. మిగతాది నిద్ర. అది ఇంటి పెద్దదాని లెక్క. నువ్వందులో వేలు పెట్టకు. బండి పిలువు."

నేను వేలు పెట్టలేదు.

పసిదాన్ని తల్లి రొమ్ముల మధ్య ఒంటికి ఒళ్ళు ఆనించి కట్టాను. తూదా తన ఉన్ని దుప్పటి తీసి ఇద్దరికీ కప్పి, ఎవరూ అడగకుండానే అంబులెన్సు ఎక్కి కూర్చుంది. కొడుకు పోయాక ఆ దారిలో అడుగుపెట్టని మనిషి. తలుపు వేస్తుంటే డ్రైవరుతో అంటోంది.

"నెమ్మదిగా పోనీ నాయనా. నా మనవరాలు నిద్రపోతోంది."