నలభై ఎనిమిదో నెంబరు రేకు

శ్రీకాకుళం బజారులో జగన్నాధం బట్టల కొట్టుకి ఉన్న ఆస్తులు రెండే. ఒకటి తండ్రి నాటి మంచి పేరు, రెండోది ఎర్రన్న. పేరు సంగతి ఎలా ఉన్నా, ఎర్రన్న లేకపోతే కొట్టే లేదు. పొందూరు అవతల పల్లెలో మగ్గం ఆడించే ఎర్రన్న ముప్పయ్యేళ్ళుగా తన చీరల మూటతో ఈ కొట్టు తప్ప మరో గుమ్మం ఎక్కలేదు. దానికి కాగితం లేదు, సంతకం లేదు. అతను మూట దించుతాడు. జగన్నాధం "పదిహేడు" అంటాడు. ఎర్రన్న బుర్ర గోక్కుని ఇంకో అర్ధరూపాయి వెయ్యమంటాడు. ఆ అర్ధరూపాయి పడుతుంది, ఇద్దరూ టీ తాగుతారు. బేరం అంటే అంతే.

కొనేవాళ్ళతో మాత్రం అలా కుదిరేది కాదు. పదిహేడున్నర పెట్టి కొన్న చీరకి జగన్నాధం ఇరవై నాలుగు చెప్పేవాడు. పల్లె ఆడవాళ్ళు ఆ అంకె చెవిన పడనట్టే పన్నెండు దగ్గర మొదలుపెట్టేవాళ్ళు. అక్కణ్ణుంచి రూపాయి రూపాయి చొప్పున పైకి పాకించేసరికి అతని గొంతు తడారిపోయేది. సింగుపురం నుంచి వచ్చే తవిటమ్మయితే మరీను. నాలుగెకరాల వరి పండించే మనిషి, నలుగురు కూలీలను ఒక్క చూపుతో నడిపించే మనిషి, ఒక్క రూపాయి దగ్గర పీటముడి వేసుకుని కూర్చుంది. ఆమె ఇరవై అంటుంది, అతను ఇరవై ఒకటి అంటాడు. పూటంతా అయ్యాక చీర పక్కకి తోసేసి చక్కా పోయింది. అలా పోయినవాళ్ళు పోగా, అరవై ఎనిమిదో సంవత్సరం రథసప్తమి వారం రోజుల్లోకి వచ్చేసరికి కొట్టులో ఎనభై చీరలు మిగిలిపోయాయి.

ఎదురు వరసలో కొత్తగా తెరిచిన కొట్టు వాళ్ళు పండగ ధరలంటూ బోర్డులు కట్టారు. జగన్నాధానికి రోషం వచ్చింది. బోర్డులు రాసే పోతురాజుని పిలిచి, చీరల గుట్ట మీదకి 'పండగ ధర 29' అని రాసిపెట్టమన్నాడు. ఇరవై తొమ్మిది అంటే, దిగి దిగి ఇరవై రెండు దగ్గరైనా ఆగుతారని అతని ఆశ.

పోతురాజు కుంచె నములుతూ ఆలోచించాడు. వట్టి ఇరవై తొమ్మిది చూస్తే జనం దేనితో పోల్చుకుంటారని అడిగాడు. పైన పాత ధర ఒకటి ఉండాలి, దాన్ని కొట్టేసి ఉండాలి అన్నాడు. పాత ధర అంటూ ఏదీ లేదే అంటే, లేకపోతే ఏముంది, అటక మీద రేకు ఉందన్నాడు.

ఆ రేకు నిరుడు అరసవల్లి రథసప్తమికి జగన్నాధం వేసిన దుకాణానిది. పండగ దుకాణాలకు నెంబర్లు ఇస్తారు కదా, ఇతనికి నలభై ఎనిమిది వచ్చింది. జానెడేసి అంకెలు, అప్పుడు రాసిందీ పోతురాజే. తను రాసిన అంకెలను తనే గోకెయ్యడానికి అతనికి ప్రాణం ఒప్పలేదు. 'దుకాణం' అన్న మాట మీద రంగు పూసి 'పాత ధర' అని రాశాడు, నలభై ఎనిమిది మీద ఎర్రటి అడ్డగీత గీశాడు, కింద ఖాళీలో 29 వేశాడు. జగన్నాధం కడుపుబ్బా నవ్వాడు. పది పైసల కోసం పూటంతా కూర్చునే జనం దుకాణం నెంబరు చూసి మోసపోతారా అనుకున్నాడు. నవ్వుతూనే రేకు మేకుకి తగిలించాడు.

మర్నాటి నుంచి అతని నవ్వు ఆగిపోయింది.

వచ్చిన ప్రతి మనిషీ ముందు నలభై ఎనిమిదిని చూస్తోంది. తర్వాత ఎర్ర గీతని చూస్తోంది. ఆ తర్వాత ఇరవై తొమ్మిదిని చూస్తుంటే మొహం విప్పారుతోంది. పన్నెండు అన్న మాటే ఎవరి నోటా రాలేదు. నిన్నటి దాకా అడుగు నుంచి పైకి పాకిన బేరం ఇవాళ రేకు మీంచి కిందికి దిగుతోంది, అదీ ఒక్క మెట్టు. "ఇరవయ్యెనిమిదికి ఇయ్యి" అనడం, ఇతను సరే అనడం, డబ్బు చేతిలో పడడం. ఇరవై నాలుగంటే కస్సుమన్న వాళ్ళే ఇరవై ఎనిమిదిచ్చి దణ్ణం పెట్టి వెళుతున్నారు. జగన్నాధానికి మొదట సంతోషం కలగలేదు, ఆ డబ్బు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

ఇదేదో మంత్రంలా ఉందే అని మిల్లు గుడ్డ తాను మీద కూడా అలాంటి రేకే పెట్టి చూశాడు. అక్కడ పప్పులుడకలేదు. మిల్లు గుడ్డకి అంచు మీద ధర ముద్ర ఉంటుంది, మీటరు ఎంతో పిల్లలకి కూడా తెలుసు. జనం ఆ ముద్ర చూసి, రేకు చూసి, ఇతని మొహం చూసి నవ్వారు. గబగబా తీసేశాడు. చేతి నేత చీర మీద ముద్ర ఉండదు. దాని ఖరీదు ఇదీ అని చెప్పే వస్తువు ఆ కొట్టులో ఆ రేకు తప్ప మరేదీ లేదు. తెలియని చోట మనిషి మొదట కంటబడ్డ అంకెని పట్టుకునే నడుస్తాడని అతనికి అప్పుడు అర్థమైంది.

మూడోనాడు తవిటమ్మ వచ్చింది. రేకు కేసి చూసింది, గుట్టలోంచి రెండు చీరలు లాగింది. అందులో ఆకుపచ్చ అంచుది పదిహేను రోజుల కిందట ఆమె తోసేసి పోయిన చీరే. మడత దగ్గర ఆమె పసుపు వేలి గుర్తు ఇంకా పోలేదు. ఆమె యాభై ఆరు రూపాయలు లెక్కబెట్టి ఇస్తూ, ఒక్కో చీరకి ఇరవై రూపాయలు మిగిలాయని పక్కావిడతో మురిసిపోయి చెప్పింది.

జగన్నాధం ఉండబట్టలేకపోయాడు. ఎంతయినా తండ్రి నాటి పేరు అడ్డంపడింది. "తవిటమ్మా, ఇది మొన్న నువ్వు ఇరవైకి అడిగిన చీరే. సరిగ్గా చూడు."

ఆమె మళ్ళీ చూసింది. గుడ్డ నలిపి చూసింది. "ఎందుకు బావూ అలాగంతావు? అది వేరు. ఇది నలబయ్యెనిమిది రూపాయల సీర, సేతికే తెలస్తన్నాది."

ఆమె వెళ్ళిపోయాక జగన్నాధం గుట్టలోంచి ఇంకో చీర లాగి తనే నలిపి చూశాడు. కంటికి కనబడే అంకె చేతికి తగిలే గుడ్డని మార్చేసింది. నిజం చెప్పినా మారనంతగా మార్చేసింది. అతనికి తన కొట్టంటేనే భయం వేసింది. భయం వేసినా రేకు మాత్రం తియ్యలేదు, మనిషి కదా. పైపెచ్చు చీరలు చాలవని ఎర్రన్నకి కబురు పెట్టాడు. ఎర్రన్నకీ కళ్ళున్నాయని, అతనికీ అంకెలొచ్చని ఈ పెద్దమనిషికి తట్టనే లేదు.

రథసప్తమికి రెండు రోజుల ముందు ఎర్రన్న ఇంట్లో నేసి ఉంచిన నలభై చీరల మూటతో బస్సు దిగి వచ్చాడు. కొట్టు నిండా జనం. మూట దించి, తల పైకెత్తాడు. రేకు చూశాడు. తర్వాత మూట మీదే చతికిలబడ్డాడు.

"పాత దర అంటే ఏటి సావుకారూ?" అన్నాడు మెల్లిగా. "ఇన్నాళ్ళూ నా సీర నలబయ్యెనిమిదికి అమ్మినావా?"

కొంటున్న ఆడవాళ్ళు చేతులాపి ఇటు తిరిగారు. జగన్నాధం ఇరుక్కుపోయాడు. అవునంటే ముప్పయ్యేళ్ళు ఎర్రన్న నోరు కొట్టినట్టు. కాదంటే ఇప్పుడు ఈ జనం కళ్ళల్లో దుమ్ము కొడుతున్నట్టు. రెండింట్లో ఏదీ నోట రాలేదు. అతను పలకకపోవడమే జవాబని ఎర్రన్న అనుకున్నాడు, అతని మొహం మాడిపోయింది.

జగన్నాధం రేకు పీకి, ఎర్రన్న చెయ్యి పట్టుకుని వెనక గదిలోకి తీసుకుపోయాడు. దాచకుండా అంతా చెప్పాడు. 'పాత ధర' మీద గోటితో గీకితే కింద 'దుకాణం' అన్న అక్షరాలు బయటపడ్డాయి. ఎర్రన్న వేలితో తడిమి చూశాడు.

"అవును. నిరుడు దీని కిందే కూకుని మరమరాలు తిన్నాం," అన్నాడు.

జగన్నాధం గట్టెక్కానని ఊపిరి పీల్చుకున్నాడు. ఇక మామూలే అనుకుని "పదిహేడు" అనబోయాడు. ఆ మాట రాకముందే ఎర్రన్న అన్నాడు, ముప్పయ్యేళ్ళలో మొదటిసారి ముందుగా తనే అన్నాడు.

"ముప్పై ఇప్పించు సావుకారూ."

పదిహేడు అన్న మాట జగన్నాధం నాలుక చివర చచ్చిపోయింది. ముప్పై పక్కన అది అడుక్కునే మాటలా వినిపించింది. ఇరవై రెండు అన్నాడు. ఎలా అన్నాడో అతనికే తెలియదు. ఎర్రన్న ఇరవై ఎనిమిది అన్నాడు. ఇతను ఇరవై నాలుగు అన్నాడు. ఆఖరికి ఇరవై ఆరు దగ్గర తెగింది. నలభై చీరలకీ డబ్బు ఇస్తూ, పోనీలే, ముప్పై అన్నవాడి దగ్గర చీరకి నాలుగు రూపాయలు మిగిల్చానని జగన్నాధం మనసులో సంబరపడ్డాడు.

ఆ సంబరం మధ్యలోనే అతనికి అనుమానం వచ్చింది. మిగిలింది అంటున్న ఆ గొంతు ఎక్కడో విన్నాడు. అది తవిటమ్మ గొంతు. ఏం మిగిలింది? పదిహేడున్నర చీరని ఇరవై ఆరుకి కొన్నాడు. అమ్మేది ఇరవై ఎనిమిదికి. వెనక ఇరవై ఒకటికి అమ్మినా మూడున్నర మిగిలేది, ఇప్పుడు రెండు. రేకు అబద్ధమని ఊరందరిలో బాగా తెలిసినవాడు తనే. ఆ రేకు తన చేతిలోనే ఉంది. అయినా అదే తనని కూడా ఆడించింది.

పోనీ ఎర్రన్నయినా బాగుపడ్డాడని సర్దుకుని టీ తెప్పిస్తానన్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎర్రన్న ఇంత డబ్బు ఒక్కసారిగా చూసి ఉండడు. కానీ అతని మొహంలో పదిహేడున్నర నాటి వెలుగులో సగం కూడా లేదు.

"టీ వద్దు సావుకారూ. నలబయ్యెనిమిది సీర ఇరవయ్యారుకి ఒగ్గేసినాను. సీరకి ఇరవైరెండు పోనాయి."

"అది దుకాణం నెంబరు, ఎర్రన్నా. నువ్వే చూశావు కదా."

"సూసినాను. నిజమేనని నాకూ తెలుసు," అన్నాడు ఎర్రన్న. "తెలిసినా బుర్రలోంచి పోతన్నాది కాదు. ఏటి సెయ్యమంతావు?"

జగన్నాధం బుర్రలోంచే అది పోలేదు.

ఎర్రన్న ఖాళీ మూటగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. మెట్లు దిగి, బస్సుల వైపు తిరగలేదు. రోడ్డు దాటాడు. ఎదురు కొట్టు ముందు కాస్సేపు నిలబడి, అక్కడి బోర్డుల మీది అంకెలన్నీ వరసగా చూసుకుని, చెప్పులు విడిచి ఆ గుమ్మం ఎక్కాడు.

జగన్నాధం రేకు చేత్తో పట్టుకుని చూస్తూ ఉండిపోయాడు. పాత ధర ఉన్న చీరలు ఏవని వెనకనుంచి ఎవరో ఆడమనిషి అడుగుతోంది.