తిరిగిపోయిన నట్లు

కరూర్ బైపాస్ పక్కన మా బస్సు బాడీ షెడ్డులో రివెట్ నట్ల పని అంటే సడయప్పనే. నేను పైకప్పు లోపలి అట్టలు బిగించేవాణ్ణి కనుక చాలా ఏళ్లు ఆయన పక్కనే నిలబడి పనిచేశాను.

బస్సు చట్రం పలచని ఇనుప గొట్టాలతో కడతాం. అంత పలచని రేకులో మరలు కోస్తే ఒకటి రెండు చుట్లకు మించి పడవు, బోల్టు నిలవదు. గొట్టం లోపలికి చెయ్యి దూరదు కాబట్టి వెనకనుంచి మామూలు నట్టూ పెట్టలేం. అందుకని సరైన కొలతకు బెజ్జం వేసి, అంచు గరుకు తీసి, రివెట్ నట్టును పనిముట్టు మొనకు తిప్పి ఎక్కించి బెజ్జంలోకి దూర్చాలి. తర్వాత పిడులు రెండూ దగ్గరికి నొక్కాలి. రేకుకు అవతల నట్టు ఒళ్లు నలిగి ఉబ్బి, రేకును రెండువైపులా పట్టుకుంటుంది. ప్రయాణికుల తలల మీద ఉండే సామాను అరలన్నీ ఆ నట్లలో బిగించిన బోల్టుల మీదే నిలబడతాయి.

ఎక్కడ ఆపాలన్నదే అసలు సంగతి. తక్కువ నొక్కితే నట్టు వదులుగా ఉండి బోల్టుతో పాటు తిరిగిపోతుంది. ఎక్కువ నొక్కితే మరలు పాడవుతాయి. నలిగేటప్పుడు పిడి మెత్తగా వస్తుంది, పట్టు దొరకగానే గట్టిపడుతుంది. ఆ మార్పు చేతికి తెలియాలి.

సడయప్పన్‌కు చక్కెర జబ్బు వచ్చి చాలాకాలమైంది. మొదట పాదాలు మొద్దుబారాయి. ఒకరోజు టీ కొట్టు దగ్గర కాలి చెప్పు జారిపోతే తెలియకుండానే షెడ్డు దాకా నడిచొచ్చాడు. అందరం నవ్వాం, ఆయనా నవ్వాడు. ఆ తర్వాత ఆ మొద్దుదనం చేతివేళ్లకు ఎక్కింది. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

ఆయన పెట్టిన నట్లలో బోల్టులు బిగించేది తంగరాసు, సడయప్పన్ భార్య అంగమ్మాళ్‌కు తమ్ముడు. నట్లు తిరగడం ముందుగా పసిగట్టింది అతనే. బావకు చెప్పలేదు, సూపర్‌వైజరుకూ చెప్పలేదు. నట్టు అంచును పటకారుతో కదలకుండా పట్టుకుని డ్రిల్లుతో తలను కోసేసేవాడు. మిగిలిన ముక్క గొట్టంలోకి జారిపోయేది. అదే బెజ్జంలో కొత్త నట్టు తానే పెట్టేవాడు. ఇదంతా సడయప్పన్ అన్నానికి వెళ్లినప్పుడే. నేను చూశాను.

“ఏంట్రా, మీ బావ పని నువ్వు చేస్తున్నావు?” అన్నాను.

“నువ్వు నీ అట్టలు చూసుకో. ఆయన చెయ్యి ఈమధ్య కాస్త బాగోలేదు.”

“డాక్టరుకు చూపించమని చెప్పొచ్చుగా?”

“చెప్తే పనిలోంచి తీసేస్తారు. మా అక్క మొహం ఎలా చూడను?”

నేను నా అట్టల దగ్గరికి వెళ్లిపోయాను.

వానాకాలంలో తంగరాసుకు కామెర్లు వచ్చి మంచాన పడ్డాడు. ఆ పనికి ఎవరెవరో వచ్చారు. గాలి ఒత్తిడితో తిరిగే పనిముట్టుతో బోల్టు అందినంత బిగించడం, తర్వాతి బస్సుకు వెళ్లిపోవడం, అంతే. అరకొరగా పట్టిన నట్టు ఆ కాసేపూ పట్టినట్టే ఉంటుంది. దారి కుదుపులకు తర్వాత వదులవుతుంది. ఆ నెలల్లో తయారైన బస్సులన్నీ రంగులు వేయించుకుని, దండలు కట్టించుకుని వెళ్లిపోయాయి.

తంగరాసు తిరిగి పనిలోకి వచ్చాక, ఒక కొత్త బస్సును సూపర్‌వైజరు దైవశిఖామణి దారి మీద నడిపి చూశాడు. పైన గొట్టాల్లో ఏదో గలగలమంటోందని వెనక్కి తెచ్చి అట్టలు విప్పించాడు. గొట్టం చివర బెజ్జం వేసి అయస్కాంతం పెడితే కోసిన నట్ల ముక్కలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి.

ఆయన వాటిని అరచేతిలో పోసుకున్నాడు. “ఎవరివి ఇవి?”

తంగరాసు తల దించుకున్నాడు. “నావేనండి. బెజ్జాలు పెద్దవైతే మార్చాను.”

“బెజ్జాలు సరిగానే ఉన్నాయి కదరా. అబద్ధం చెప్పడం కూడా రాదు నీకు.” సడయప్పన్ వైపు తిరిగాడు. “అన్నా, ఇలా రా. నా ముందర ఒక నట్టు పెట్టు.”

సడయప్పన్ పెట్టాడు. దైవశిఖామణి దాని మీద ఇనుప పట్టీ పెట్టి బోల్టును పానాతో తిప్పాడు. బోల్టుతో పాటు నట్టు మెల్లగా తిరిగింది. రెండోదీ తిరిగింది. సడయప్పన్ బావమరిది మొహంలోకి చూశాడు.

“ఎన్నాళ్లుగా?”

“వదిలెయ్ బావా.”

“ఎన్నాళ్లుగా అని అడుగుతున్నా.”

తంగరాసు వంగి పటకారు అందుకున్నాడు.

దైవశిఖామణి చెడ్డవాడు కాదు. నట్టును ఎంతవరకు నొక్కాలో ముందే అమర్చిపెట్టుకునే గాలి పనిముట్టు తెప్పించాడు. దానికి చేతి అంచనా అక్కర్లేదు. “మీట నొక్కితే చాలన్నా, మిగతాది అదే చూసుకుంటుంది,” అన్నాడు. ఆ బస్సులో పాత నట్లు తీసి కొత్తవి పెట్టే పని అప్పగించాడు. సడయప్పన్ నిచ్చెన ఎక్కి డ్రిల్లు అందుకున్నాడు. కాసేపటికి కింద ఉన్న నా భుజం మీద ఏదో పడింది. చెమట అనుకున్నాను. రెండోది చేతి మీద పడితే ఎర్రగా ఉంది.

“అన్నా, ఆపు. చెయ్యి తెగింది నీకు.”

ఆయన వెలుతురులో చెయ్యి పెట్టి చూసుకున్నాడు. బొటనవేలు పక్కన కండ చీలి ఉంది. ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూశాడు. “ఎప్పుడు తెగింది?” అని నన్నే అడిగాడు.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని పని మానెయ్యమన్నారు. కట్టు కట్టించుకుని వచ్చి దైవశిఖామణి ముందు నిలబడ్డాడు.

“నేను పోతాను తంబీ. వాడు మంచాన పడ్డప్పుడు వెళ్లిన బస్సులు వెనక్కి పిలిపించు. అవి ఎవరూ మార్చలేదు.”

“అడిగానన్నా. ఎవరూ ఫిర్యాదు చేయలేదుగా, మనమే మన పేరు చెడగొట్టుకోవడం ఎందుకంటున్నాడు ఓనరు.”

“అరల కింద జనం పడుకుంటారు.”

“తెలుసన్నా.”

“తెలిసీ?”

దైవశిఖామణి తన చేతులు చూసుకుంటూ కూర్చున్నాడు. ఆ బస్సులు వెనక్కి పిలిపించమని అడగడానికి తంగరాసు అదే రోజు ఓనరు ఇంటికి వెళ్లి గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రానివ్వలేదు. మర్నాడు అతని పని కూడా పోయింది. నాకు పెళ్లాం పిల్లలున్నారు, నేను నోరు తెరవలేదు.

ఆ తర్వాత బావా బావమరుదుల మధ్య మాటలు లేవు. “నన్ను బొమ్మలా నిలబెట్టి ఆడించాడు. ముందే చెప్పి ఉంటే మానేసేవాణ్ణి, ఆ బస్సులు బయటికి పోయేవి కావు,” అని సడయప్పన్ నాతో అన్నాడు. అంగమ్మాళ్ ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి మానుకుంది.

మొన్న తిరుచ్చి వెళ్లాలని కరూర్ బస్టాండుకు వెళ్లాను. మా షెడ్డు బస్సు ఒకటి ఆగి ఉంటే ఎక్కాను. లోపల సడయప్పన్ సీట్ల మధ్య నిలబడి, చెయ్యెత్తి సామాను అర పట్టుకుని ఊపుతున్నాడు. నన్ను చూడలేదు. కిటికీ పక్కన పసిబిడ్డను ఒళ్లో పెట్టుకున్న ఆవిడ ఆయన్ని అనుమానంగా చూస్తోంది.

“అమ్మా, నువ్వొకసారి పట్టుకుని చూడు. కదులుతోందా? నా చేతికి తెలియట్లేదు,” అన్నాడు.

ఆవిడ బిడ్డను గుండెకు అదుముకుని మొహం తిప్పుకుంది. కండక్టరు ముందునుంచి అరిచాడు. “ఏయ్ పెద్దాయనా, మళ్లీ వచ్చావా? దిగు, దిగు.”

ఆయన వెనక తలుపు మెట్లు తడుముకుంటూ దిగాడు. నేను అదే అర పట్టుకుని ఊపాను. కదిలింది. కండక్టరుకు చెప్పాను.

“అన్ని బస్సుల్లోనూ కదులుతుంది, కూర్చోండి సార్,” అని అతను విజిల్ వేశాడు. బస్సు కదిలింది.