నాలుగో విసురు

నాలుగోసారి నాణేలు పడవ పలక మీద పడ్డాయి. పాన్ యోంగ్‌ఫూ వంగి చూశాడు.

మూడూ వెనకవైపే. అక్షరాలున్న వైపు ఒక్కటీ పైకి రాలేదు.

"ఏం పడ్డాయయ్యా?" అన్నాడు కాంగ్ మాస్టారు. ఆయనకు పుట్టుగుడ్డితనం. వేళ్లకు స్పర్శ ఉన్నంతకాలం నాణేలు తడిమి తనే చెప్పుకునేవాడు. ఇప్పుడు వేళ్లూ మొద్దుబారాయి. అడగవచ్చినవాళ్లే పైకి చెప్పాలి.

సుయిన్ అటు తిరిగి బొగ్గుల కుంపటి మీంచి టీ కెటిల్ దించుతోంది. భార్య వీపు వంక ఒక్క క్షణం చూసి యోంగ్‌ఫూ గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి వెనక. రెండు అక్షరాలు."

అంటూనే మూడు నాణేలూ గబగబా ఏరి తాబేటి చిప్పలో వేసేశాడు.

అతనికి ఆ విద్య రాదు. కాని మాస్టారు ఏళ్ల తరబడి ఈ పడవలోనే కూర్చుని, రేవు దాటేలోపు జనానికి జోస్యం చెప్పేవాడు. వెదురుగడ నెడుతూ వినగా వినగా యోంగ్‌ఫూకు నాలుగు ముక్కలు పట్టుబడ్డాయి. ఆరు విసుర్లకు ఆరు గీతలు, కింది నుంచి పైకి. ఒకటి వెనకైతే నిండు గీత. రెండు వెనకైతే విరిగిన గీత. మూడూ ఒకేలా పడితే మాత్రం ఆ గీత కదులుతుంది, ఉన్నది మారిపోతుంది. మూడూ వెనకే పడితే అది కదిలే నిండు గీత. అతను గీతను మార్చలేదు, కదలకుండా కట్టేశాడంతే.

మార్పు అనే మాటే అతనికి వద్దు. ఎగువన వంతెన తెరిచారు. నెల రోజులుగా పడవలోకి ముసలివాళ్లూ, బాతుల గంపలూ తప్ప ఎవరూ రావడం లేదు. దక్షిణాన గొడుగుల కార్ఖానాలో సుయిన్‌కు వంటపని దొరికింది. అతనికి గేటు దగ్గర కాపలా పని. ఇద్దరికీ ఒక గది. అతను రానన్నాడు. ఆమె ఈరోజు మధ్యాహ్నం బస్సుకు వెళ్తానని మూటా బుట్టా సర్దేసింది. ఎన్నో రాత్రులు వాదించుకున్నాక ఇద్దరికీ నోరు నొప్పి పుట్టి, మాస్టార్ని అడుగుదామనుకున్నారు. అడిగింది ఒక్కటే: ఇంత మారితే మా కాపురం నిలుస్తుందా?

"ఐదోది," అన్నాడు మాస్టారు.

సుయిన్ చిప్ప ఊపి ఒంపింది. రెండు వెనక. ఆరోది కూడా రెండు వెనకే. ఈ రెండుసార్లూ యోంగ్‌ఫూ నిజమే చెప్పాడు.

మాస్టారు విసురుకొక గీతగా పక్కన పేర్చుకున్న పుల్లలను అరచేత్తో కింది నుంచి పైకి తడిమాడు. అడుగున విరిగినది, దాని మీద మూడు నిండువి, పైన రెండు విరిగినవి. ఆయన ముఖం విప్పారింది.

"కింది మూడూ గాలి, పై మూడూ ఉరుము. దీని పేరు నిలకడ. ఆలుమగలు అడిగితే ఇంతకన్నా మంచిది పడదు. నిలుస్తుంది. తప్పు లేదు. పట్టు విడవకండి."

యోంగ్‌ఫూ ఊపిరి వదిలాడు. "విన్నావా? నిలకడట. మూట విప్పెయ్."

"ఇంకా అయిపోలేదయ్యా," అన్నాడు మాస్టారు. "ఎక్కడికైనా బయలుదేరడం మంచిదని కూడా ఉంది."

"బయలుదేరడమా? నిలకడంటే ఉన్నచోట ఉండటం కదా!"

"ఉరుము ఎక్కడైనా కూర్చోగా చూశావా? గాలి కూర్చుంటే దాన్ని గాలంటారా? రెండూ తిరుగుతూనే ఉంటాయి. ఒకదాన్నొకటి విడవవు, అంతే. కట్టేసిన పడవకు ఉన్నది నిలకడ కాదు, నాచు."

సుయిన్ ముగ్గురికీ టీ పోసింది. కప్పు మాస్టారి చేతిలో పెడుతూ, మామూలుగా కూర ధర అడిగినట్టు అడిగింది.

"మాస్టారూ, ఊరికే అడుగుతున్నా. ఆ నాలుగో గీత కదిలుంటేనో?"

యోంగ్‌ఫూ వేడి టీ ఊదకుండానే గుటకేశాడు.

"నాలుగోదా? అది పొలంలో పిట్ట లేదనే గీత. తనది కాని చోట ఎంతకాలం కాచుకున్నా వేటగాడికి పిట్ట దొరకదు. అది కదిలితే పైనున్న ఉరుము నేలైపోతుంది. కిందున్న గాలికి చెట్టనే అర్థమూ ఉంది. నేల కింద చెట్టు, మట్టిని చీల్చుకుని పైకొస్తుంది. దాని పేరు ఎదుగుదల. దక్షిణానికి వెళ్తే శుభం అంటుంది." మాస్టారు టీ చప్పరించాడు. "కాని మీకు కదల్లేదుగా."

"అవును, కదల్లేదు," అంది సుయిన్.

ఆ తర్వాత ఆమె ఏమీ అనలేదు. యోంగ్‌ఫూకు అదే భయం. అరిస్తే సర్దిచెప్పుకోవచ్చు. పెళ్లైన కొత్తలో ఆమె పళ్లేలు విసిరేది. ఇప్పుడు అతని ముందు జావగిన్నె పెట్టి, ముల్లంగి పచ్చడి పెద్ద ముక్కలు అతనికే వేసింది.

మాస్టార్ని ఇవతలి గట్టున దించారు. బాతులవాడొకడు ఎక్కి, దిగాడు. మరో బేరం రాలేదు. ఎండలో వంతెన మీద లారీలు అగ్గిపెట్టెల్లా పోతున్నాయి. యోంగ్‌ఫూ పడవలో చేరిన నీళ్లు తోడాడు. ఖాళీ అయిపోయాక కూడా తోడుతూనే ఉన్నాడు.

"అందులో చేపలేమైనా ఉన్నాయా?" అంది సుయిన్.

"లేవు."

"అయితే లే. నన్ను అవతల దించు."

అతను గడ అందుకున్నాడు. నడుం నొప్పికి సగం నదిలో ఆగిపోయాడు. అలవాటు ప్రకారం ఆమె లేచి, అతని చేతుల కింద గడ పట్టుకుంది. ఇద్దరూ కలిసి నెట్టారు. మాట లేదు. ఆమె నొక్కినప్పుడు అతను ఊపిరి పీల్చాడు, అతను నొక్కినప్పుడు ఆమె పీల్చింది. ఎవరూ ఎవరినీ చూసుకోకుండానే పడవ తిన్నగా గట్టు చేరింది.

ఆమె మూట భుజానికెత్తుకుని దిగింది. బుట్ట పడవలోనే ఉండిపోయింది. గట్టెక్కి, వెనక్కి తిరక్కుండా నిలబడింది.

"నువ్వు చూశావా?" అన్నాడు యోంగ్‌ఫూ.

"ఏంటి?"

"నాణేలు."

"ఎక్కడ చూశాను? నా మొహం కుంపటి వైపుంది."

"మరి నాలుగోదే ఎందుకడిగావ్?"

సుయిన్ అప్పుడు తిరిగింది. అలసిన ముఖం, కళ్ల కింద మసి. కోపం ఉందేమోనని వెతికాడు. దానికి కూడా ఓపిక మిగిల్లేదక్కడ.

"మొదటి మూడుసార్లూ నేనే ఏరాను. చివరి రెండూ నేనే ఏరాను. నాలుగోసారి నువ్వు ఏరావు. ఇన్నేళ్ల కాపురంలో కింద పడ్డది ఒక్క మెతుకైనా ఏరావటయ్యా నువ్వు?"

అతనికి నవ్వొచ్చింది.

"అప్పుడే ఎందుకు అనలేదు?"

"నేనంటే అది నా మాటవుతుంది. నీ నోటితో నువ్వంటావేమోనని పొద్దుట్నుంచీ చూస్తున్నా. బస్సొచ్చే వేళైంది."

ఎగువన, మలుపు దగ్గర బస్సు హారన్ మోగింది. ఆమె నాలుగడుగులు వేసింది. మలుపులో దుమ్ము లేచింది. యోంగ్‌ఫూ గడను బురదలో లోతుగా దిగేసి పడవను దానికి కట్టాడు. బుట్ట చేతిలోకి తీసుకుని మోకాలి లోతు నీళ్లలోకి దూకాడు.

"ఏమే, ఆగు!"

ఆమె ఆగింది.

"మూడూ వెనకే పడ్డాయి. అబద్ధం చెప్పింది నేనే."

సుయిన్ అతని తడిసిన పంట్లాన్ని పైనుంచి కిందికి చూసింది.

"ఆ తడిబట్టలతో పక్కన కూర్చున్నావంటే నిన్ను బస్సులోంచి తోసేస్తా," అని, బుట్టకు రెండో పక్క పట్టుకుంది.

వెనక, ఖాళీ పడవ పక్కన, వెదురుగడ నీళ్లలో నిటారుగా నిలబడి ఉంది. దాని మీద రెండుచోట్ల చేతుల రాపిడికి నునుపు తేలిన గుర్తులు: పైన అతనివి, కొద్దిగా కింద ఆమెవి.