ఏడో అంశానికి బాధ్యులెవరు?

రాయపూర్ పక్కన సిల్తారాలో కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ప్రతి సోమవారం పదింటికి ప్రాజెక్టు మీటింగు. మినిట్స్ రాసేది ఊర్మిళ. పదకొండు వారాలుగా ఏడో అంశం అంగుళం కదల్లేదు. ఆ వరుస వచ్చేసరికి టైపుమిషను తనంతట తానే కొట్టేసేది:

"7. పని: పంపు పునాది చూడటం. బాధ్యత: అందరూ. గడువు: త్వరలో. స్థితి: జరుగుతోంది."

ఒక్కరి పేరు రాస్తే నింద వేసినట్టని అక్కడి మర్యాద. అందుకే అన్ని పనులూ అందరివీ. అందరూ అంటే ఎవరూ కాదని రాయపూర్‌లో కుక్కపిల్లకి కూడా తెలుసు.

ఇప్పుడు మేనేజరు మల్లేశ్వరరావు కొత్త హుకుం జారీ చేశాడు. ఏడో అంశం మూసేదాకా ఎవరికీ సెలవు లేదు. ఊర్మిళ అక్కకి విజయనగరంలో తొలి కాన్పు. అమ్మ లేదు, ఇక వెళ్లాల్సింది తనే. రైలు గురువారం.

"ఏడు కూడా పోయిన వారంలాగే రాసెయ్యమ్మా," అన్నాడు మల్లేశ్వరరావు, బిస్కెట్టు టీలో ముంచుతూ.

ఊర్మిళ పెన్ను కింద పెట్టింది. "చిన్నారావుగారూ, పునాది ఎందుకాగింది?"

పునాది పని చూసే సూపర్‌వైజరు చిన్నారావు ఇబ్బందిగా కదిలాడు. "ఏటి సేత్తామమ్మా? డ్రాయింగు మీద సంతకం లేదు. సంతకం లేకండా కాంక్రీటు పోసేత్తే రేపు నన్నే పాతెడతారు."

"ఎవరి సంతకం?"

గదిలో ఉన్న ఆరుగురూ ఫ్యాను రెక్కలు లెక్కపెట్టసాగారు. మూడే రెక్కలు. చాలాసేపు పట్టింది.

"నాదేలే," అన్నాడు మల్లేశ్వరరావు చివరికి. "హో జాయేగా, అయిపోతుందిలే. చూస్తాను."

"ఏ రోజుకి సార్?"

"అరే, బుధవారం అనుకో."

ఊర్మిళ అక్కడే రాసి, చదివి వినిపించింది:

"7. పని: పంపు పునాది డ్రాయింగుపై సంతకం చేసి సైటుకివ్వడం. బాధ్యత: మల్లేశ్వరరావు. గడువు: బుధవారం, సాయంత్రం నాలుగు. స్థితి: పెండింగు.

8. పని: డ్రాయింగు అందాక కాంక్రీటు పోయడం. బాధ్యత: చిన్నారావు. గడువు: శనివారం. స్థితి: పెండింగు."

"అభ్యంతరాలున్నాయా?"

మల్లేశ్వరరావు ఇంకో బిస్కెట్టు అందుకున్నాడు. మధ్యాహ్నానికి కాపీలు అందరి బల్లల మీదా ఉన్నాయి. ఒకటి హెడ్డాఫీసుకి కూడా పోయింది.

బుధవారం మూడూ యాభై ఐదుకి డ్రాయింగు మల్లేశ్వరరావు బల్ల మీదే, టీ గ్లాసు కింద దొరికింది. మీద మరకలు వారానికొకటి చొప్పున పదకొండు. సంతకం పెట్టాడు. చిన్నారావు దాన్ని పసిబిడ్డని ఎత్తుకున్నట్టు ఎత్తుకుపోయాడు. ఊర్మిళ ఏడో వరుసలో తేదీ వేసి "ముగిసింది" అని రాసి, తన సెలవు చీటీ మేనేజరు ముందు పెట్టింది.

"చూద్దాంలే అమ్మా," అన్నాడు మల్లేశ్వరరావు. "అందరం కూర్చుని ఆలోచిద్దాం."

ఊర్మిళ ఓపిగ్గా మినిట్స్ ఫైలు తెరిచింది. "9. పని: ఊర్మిళ సెలవు చీటీపై సంతకం. బాధ్యత: మల్లేశ్వరరావు." తలెత్తింది. "గడువు ఎంత రాయమంటారు సార్?"

ఆయన ఫ్యాను వంక చూశాడు. కరెంటు లేదు, రెక్కలు తిరగడం లేదు; లెక్క ఒక్క చూపులో అయిపోయింది. పెన్ను అందుకున్నాడు.