ఏం తేల్చడానికండీ?

మిరపకోతల రోజుల్లో మా హైస్కూల్లో పొద్దున బెంచీలు సగం ఖాళీ. పిల్లలు తెల్లవారగానే తల్లుల వెంట చేలోకి వెళ్లి, మధ్యాహ్నం అన్నం తిని ఒక్కొక్కరే బడికి వస్తారు. వేళ్లు భగ్గుమంటూనే ఉంటాయి పాపం, కళ్లు నలుపుకోవడానికి కూడా భయపడతారు. అందుకే టైంటేబులు మార్పించుకుని, పదో తరగతి లెక్కలు ఆఖరి పీరియడుకి పెట్టించుకున్నాను. పబ్లిక్ పరీక్షలు నెత్తిమీదకొచ్చాయి. క్లాసంతా ఒక్కచోట దొరికేది ఆ పీరియడులోనే.

సరిగ్గా ఆ పీరియడులోనే మా హెడ్మాస్టారు రాధాకృష్ణమూర్తి గారు శుక్రవారం శుక్రవారం స్టాఫ్ మీటింగు పెట్టేవారు. ఆయన మంచివారే. చెడ్డవారైతే నాకు పని తేలికయ్యేది, పోట్లాడి ఊరుకునేదాన్ని. మీటింగులో టీ వచ్చేది, సింగరాయకొండలో ఆయన పనిచేసిన బడి కబుర్లు వచ్చేవి, గంట కొట్టేవారు, లేచేవాళ్లం. అప్పటికి పిల్లలు ఇళ్లకు పోయేవారు.

ఆ శుక్రవారం పొద్దున అటెండరు జక్రయ్య సర్క్యులర్ పుస్తకం తెచ్చాడు. అందులో హెడ్మాస్టారు ఏదైనా రాస్తే, టీచర్లందరూ వరసగా కింద సంతకం చేయాలి. చూశామని దాని అర్థం, అంతే. సర్వీసులో ఆయన తర్వాత నేనే గనక పుస్తకం ముందు నా దగ్గరికే వస్తుంది.

“ఈ రోజు ఆఖరి పీరియడులో స్టాఫ్ మీటింగు. అందరూ తప్పక హాజరు కావలెను.”

ఒళ్లు మండింది. కానీ మంటను కలంలోకి రానివ్వకూడదని, ఒక గ్లాసు మంచినీళ్లు తాగి మరీ రాశాను.

“కోతల వల్ల పదో తరగతి పిల్లలందరూ ఆ పీరియడుకే వస్తున్నారు. నేను రాలేకపోతున్నందుకు మన్నించాలి. మీటింగులో ఏ విషయం నిర్ణయించదలచారో దయచేసి తెలియజేస్తే నా అభిప్రాయం ముందుగానే రాసి పంపుతాను. నేను ఉండి తీరాల్సిన విషయమైతే బడి వదిలాక కూర్చుంటాను. — బాలసరస్వతి.”

జక్రయ్య పుస్తకం మూసి, ఎప్పటిలాగే మిగతా క్లాసులకు పట్టుకెళ్లాడు. ఎవరి క్లాసులో వాళ్లు, పాఠం ఆపకుండా, ఎప్పటిలాగే కింద సంతకాలు గీకేశారు.

విరామంలో హెడ్మాస్టారు పిలిపించారు. బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. పైన నా ప్రశ్న, దాని కింద బడిలో ఉన్న టీచర్లందరి సంతకాలూ! ఊరి జనం కలెక్టరుకి పెట్టుకునే అర్జీలా ఉంది.

“అందరూ ఒక్కటై అడిగారన్నమాట,” అన్నారాయన. కోపం కాదు, నొచ్చుకున్నారు. అదే నాకు కష్టంగా తోచింది.

“అబ్బే, లేదండి మాస్టారూ. అడిగింది నేనొక్కదాన్నే. వాళ్లు చూశామని పెట్టారంతే.”

అప్పుడే సోషల్ మాస్టారు లక్ష్మీనరసింహం గారు సుద్దముక్కల కోసం లోపలికి వచ్చారు. మీటింగులో ఆయన నోరు విప్పడం నేనెన్నడూ చూడలేదు.

“ఏమండీ, మీరు చూసి సంతకం పెట్టారా, అడుగుతూ పెట్టారా?” అన్నారు హెడ్మాస్టారు.

లక్ష్మీనరసింహం గారు పుస్తకంలోకి వంగి, మొదటిసారిగా నేను రాసింది చదివారు. నిదానంగా, రెండుసార్లు.

“పెట్టినప్పుడు చూడను కూడా లేదండి. ఇప్పుడు అడుగుతున్నా,” అన్నారు.

హెడ్మాస్టారు కలం తీసి నా ప్రశ్న పక్కన జవాబు రాయబోయారు. కలం గాల్లోనే ఆగింది. కిటికీ వైపు చూశారు, కాలెండరు వైపు చూశారు.

“పదో తరగతి వీడ్కోలు సభ ఎప్పుడు పెట్టాలో తేల్చాలమ్మా,” అన్నారు చివరికి.

“హాల్ టికెట్లిచ్చే రోజు పెట్టండి. కోతలున్నా ఆ రోజు ఒక్కరూ మానరు.”

“అవునండోయ్!” అన్నారు లక్ష్మీనరసింహం గారు.

“ఇంకేమీ లేదు మరి,” అన్నారు హెడ్మాస్టారు, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. నాకు గెలిచిన సంతోషం రాలేదు. ఆ గదిలో ఆయన ఒంటరిగా ఉంటారని అప్పుడే తట్టింది.

ఆఖరి పీరియడు. క్లాసు కిటకిటలాడుతోంది, మిరపఘాటుకి నేనే రెండుసార్లు తుమ్మాను. ఎత్తులూ దూరాలూ చెబుతుంటే గుమ్మంలో హెడ్మాస్టారు. మళ్లీ మీటింగుకే పిలుస్తారేమోనని సుద్ద గట్టిగా పట్టుకున్నాను.

“ఇక్కడేం తేలుస్తున్నారర్రా పిల్లలూ?”

వెనక బెంచీ వెంకటరావమ్మ, ఎన్నడూ నోరెత్తని పిల్ల, లేచి నిలబడింది. “ధ్వజస్తంభం ఎత్తెంతోనండీ!”

ఆయన ఆ పిల్ల పక్కనే బెంచీ మీద సర్దుకుని కూర్చున్నారు.

“అయితే తేల్చండి సరస్వతి గారూ. నేనూ ఉంటాను.”

నేను బోర్డు వైపు తిరిగాను.