కోతులకు వేసిన తాళం

జూన్ ఆరున నేను తిన్నది మామిడికాయ పప్పు, అప్పడాలు. పప్పు పక్కింటి సువర్ణ పంపింది. నా భార్య పోయినప్పటి నుంచి అలాంటి గిన్నెలు అడగకుండానే వస్తున్నాయి. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వడానికి వెళితే వాళ్ళింట్లో గొడవ జరుగుతోంది. కరెంటు బిల్లు ఒక్కసారిగా నాలుగు రెట్లయింది.

"అంతా నీ కూలరే తిన్నది. రేపే ఇల్లందు దుకాణంల వాపసు ఇచ్చొస్తా," అంది అత్త కమ్లి.

"కూలర్ ఏప్రిల్లనే తెచ్చినం గదా అత్తా! అప్పుడెందుకు పెరగలే?" అంది సువర్ణ.

మూడు నెలల బిల్లులూ అడిగి చూశాను. మొదటి రెండింటి మీదా ‘డోర్ లాక్’ అని ఉంది. వరండా లోపలి గోడకున్న మీటరు బయటి నుంచి కనిపించక చలికాలపు సగటుతో బిల్లు వేశారు. మూడోసారి రీడింగ్ దొరికింది. మిగిలిపోయిన యూనిట్లన్నీ ఒకే నెలలో పడి, రెండు వందలు దాటాయి. దాంతో మొదటి యూనిట్ నుంచే పై స్లాబు రేటు పడింది. లోడును బట్టి వేసే ఫిక్స్‌డ్ చార్జి మాత్రం కదల్లేదు.

"మరి పగటిపూట వరండా గ్రిల్లుకు తాళమేసింది ఎవరో?" అంది సువర్ణ.

"కోతులొస్తయ్ గదనే!" అంది కమ్లి, చూపు తిప్పుకుంటూ.

కరెంటాఫీసులో దరఖాస్తు ఇచ్చాం. యూనిట్లను మూడు నెలలకూ పంచి, ఏ నెల స్లాబు ఆ నెలకు లెక్కకట్టి, బిల్లు తగ్గించారు. కూలర్ ఇంట్లోనే ఉండిపోయింది.

ఆ రాత్రి కమ్లి గ్రిల్లు రెండో తాళంచెవి నా చేతిలో పెట్టింది.

"రీడింగాయన వస్తే తియ్యి సారూ. కోతులొస్తే తియ్యకు."

కూలర్ గాలికి కోడలు అప్పటికే నిద్రపోయింది. కమ్లి చప్పుడు కాకుండా తలుపు వేసుకుంది.