కాస్ట్స్: నిల్

డాక్టర్ రజని రిపోర్టు కోసం చేయి చాపింది. కురుమయ్య ఇవ్వలేదు.

అది నాగర్‌కర్నూలు దవాఖానలో పిల్లల ఓపీ. కురుమయ్య కూతురు రేణుక బల్ల మీద కూర్చుంది. వయసు పదకొండు. ముఖం ఉబ్బింది, కళ్లు సగమే తెరుచుకుంటున్నాయి. తల్లి ఎస్తేరమ్మ పిల్ల వీపు మీద చేయి వేసి నిలబడింది. వాళ్లది కోడేరు. పిల్లకు మూత్రం నల్లగా వస్తోందని అక్కడి శాంపిళ్లు తీసుకునే సెంటరులో పరీక్షకు ఇచ్చారు. రిపోర్టు వచ్చింది. పిల్లను డాక్టరుకు చూపించడం మాత్రం ఇదే మొదలు.

"ముందు నాకొక మాట చెప్పుండ్రి మేడమ్," అన్నాడు కురుమయ్య. "మూత్రం పరీక్షల కులమెందుకు?"

"కులమా?"

"నేను పుణెల మేస్త్రీ పని చేసిన. సంతకానికి ముందు ప్రతి కాయితం సదువుత." రిపోర్టును తన వైపే తిప్పి పట్టుకుని ఒక వరుస మీద గోరు ఆనించాడు. "సి, ఏ, ఎస్, టి. పక్కన నిల్. నా బిడ్డకు కులం లేదని రాసిండ్రు. ఎవరు రాయించిండ్రు?"

రజని అర్థం కాక ఎస్తేరమ్మ వైపు చూసింది.

"నేను చర్చికి పోత," అంది ఎస్తేరమ్మ. "ఈయన పోడు. బిడ్డకు గురుకులంల సీటొచ్చింది. వీళ్లు కిరస్తానీలు, ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఎవరో ఆకాశరామన్న ఉత్తరం ఏసిండ్రు. ఎంక్వైరీ నడుస్తుంది. అప్పటి సంది ఈయనకు ఎవల్ని చూసినా అనుమానమే. నిన్న పాలు పోసేటోన్ని గూడ అడిగిండు, నువ్వే రాసినవా అని."

"వాడు మొకం తిప్పుకున్నడు," అన్నాడు కురుమయ్య.

"నీకియ్యాల్సిన బాకీ అడుగుతవని తిప్పుకున్నడు." ఎస్తేరమ్మ అతని చేతిలోంచి రిపోర్టు లాగి డాక్టరుకు ఇచ్చింది.

రజని పైనుంచి చదివింది. రంగు ముదురు గోధుమ. మసకగా ఉంది. పీహెచ్ ఎనిమిదిన్నర. షుగర్ నిల్. ప్రొటీన్ రెండు ప్లస్‌లు. రక్తం మూడు ప్లస్‌లు. కింద మైక్రోస్కోపు భాగం. ఎర్రకణాలు ఒకటి రెండు. బాక్టీరియా రెండు ప్లస్‌లు. ఫాస్ఫేటు స్ఫటికాలు. కాస్ట్స్ నిల్.

ఆమె మళ్లీ రక్తం వరుస దగ్గరకు వెళ్లింది. తర్వాత ఎర్రకణాల వరుస దగ్గరకు వచ్చింది.

"ఈ రిపోర్టు మీద నాకూ అనుమానంగానే ఉంది," అంది.

కురుమయ్య ముందుకు వంగాడు. "చెప్పలే నేను?"

"ఈ నిల్ నేను నమ్మను. పాపకు కాస్ట్స్ ఉండాలి."

"ఉండాలె మేడమ్. ఉన్నది. మా తాతల కాలం నుంచి ఉన్నది."

"తాతల నుంచా? మీ ఇంట్లో ఇంకెవరికైనా కిడ్నీ జబ్బు ఉందా?"

కురుమయ్య కుర్చీలో వెనక్కి జరిగాడు. "కులం అడిగితే కిడ్నీ అంటరేంది?"

రజని పెన్ను తీసి ఆ వరుస కింద గీత గీసింది. "ఇది కులం కాదు. కులమైతే టి తర్వాత 'ఈ' ఉంటుంది. ఇందులో చూడండి, లేదు."

"అది నేనూ చూసిన. తప్పు రాసిండ్రనుకున్న."

"కిడ్నీలో సన్నని గొట్టాలుంటాయి. వాటిలో ప్రొటీన్ గడ్డకడితే గొట్టం ఆకారంలో అచ్చు తయారై మూత్రంలో బయటికి వస్తుంది. ఆ అచ్చుల్నే కాస్ట్స్ అంటాం."

"మరి లేదంటే మంచిదే గద. ఉండాలె అంటరేంది?"

"లేకపోతే మంచిదే. కానీ రిపోర్టులో మూడు భాగాలుంటాయి. కంటితో చూసి రాసేది, మందు పట్టీ ముంచి రాసేది, మైక్రోస్కోపులో చూసి రాసేది. మూడూ ఒకే మాట చెప్పాలి. ఇక్కడ పట్టీ రక్తం బాగా ఉందంటోంది. మైక్రోస్కోపు దాదాపు లేదంటోంది. శాంపిల్ ఎప్పుడు పట్టారు?"

"తెల్లారంగ," అంది ఎస్తేరమ్మ. "నీళ్ల బాటిల్ కడిగి పట్టిన. సెంటర్ తీసేదాంక ఈయన సంచిల పెట్టుకున్నడు. వాళ్లు సాయంత్రం బస్సుకు పంపిండ్రంట."

"ఈ ఎండల్లోనా? అందుకే పీహెచ్ అంత ఎక్కువుంది. నిలవ ఉంటే బాక్టీరియా పెరుగుతుంది. అలాంటి మూత్రంలో ఎర్రకణాలు పగిలిపోతాయి, కాస్ట్స్ కరిగిపోతాయి. మళ్లీ పరీక్ష చేయాలి, ఇక్కడే, ఇప్పుడే."

కురుమయ్య లేచాడు. "అంటే మొదటి కాయితం చించేసి కొత్తది రాస్తరు. అప్పుడు ఉన్నదని రాస్తరు. గిదంత నాకు సాఫ్ కనబడుతుంది. అచ్చంపేట దవాఖానకు పోదం పా ఎస్తేరూ."

రజని రేణుక చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట నలభై, తొంభై. పిల్ల కాళ్ల మీద మానిన పుండ్ల మచ్చలున్నాయి.

"ఇవెప్పటివి?"

"పోయిన నెలయి," అంది ఎస్తేరమ్మ.

"ఈ వయసుకు ఈ బీపీ చాలా ఎక్కువ. దారిలో ఫిట్స్ రావచ్చు. ఎక్కడికైనా పోండి, కానీ నేను పంపించానని మాత్రం రాయను."

ఎస్తేరమ్మ పిల్లను దింపి బాత్రూము వైపు నడిపించింది. "నువ్వు పో అచ్చంపేట," అంది భర్తతో. "బస్సున్నది."

కురుమయ్య పోలేదు. ఈసారి డబ్బా దవాఖానదే. మూత్రం కోకాకోలా రంగులో ఉంది. అతను డబ్బాను తనే పట్టుకుని ల్యాబుకు వెళ్లాడు, పని అయ్యేదాకా బయటికి పోనన్నాడు. టెక్నీషియన్ నితిన్ డాక్టరుకు ఫోన్ చేశాడు. ఉండనివ్వమంది.

నితిన్ పట్టీ ముంచాడు. కొంత మూత్రం గొట్టంలో పోసి తిప్పే మిషన్‌లో పెట్టాడు. అడుగున పేరుకున్న దాన్ని ఒక చుక్క గాజుపలక మీద వేసి చూశాడు. చాలాసేపు చూసి, లేచి తన స్టూలు ఇచ్చాడు.

"సూడు అన్న. గుండ్రగ ఉన్నయి ఎర్రకణాలు. నడుమ పొడుగ్గ ఉన్నది కాస్ట్."

కురుమయ్య ఒక కన్ను మూసి చూశాడు. బొంగులో మినుములు కూరినట్టు ఒక ముక్క కనబడింది.

"గిది నువ్వు ముందే పెట్టుకున్నవా? అందరికీ గిదే చూపెడ్తవా?"

"అన్న, నేనెందుకు పెడ్త?"

"నాది చూపెట్టు."

నితిన్ నవ్వబోయి ఆగాడు. ఇంకో డబ్బా ఇచ్చాడు. కురుమయ్య పట్టుకొచ్చాడు. మళ్లీ మిషన్, మళ్లీ పలక. ఈసారి కురుమయ్య పలకను అటూ ఇటూ జరిపించుకుంటూ మూల మూలా వెతికాడు. ఏమీ దొరకలేదు.

"నాకు నిల్," అన్నాడు.

"నిల్ అన్న. నీకు మంచిగున్నది."

అతను తిరిగి కూతురి పలక పెట్టమన్నాడు. పెట్టాక ఏమీ అడగకుండా చూశాడు.

కొత్త రిపోర్టులో పీహెచ్ ఆరు. ఎర్రకణాలు లెక్కకు మించి. ఎర్రకణాల కాస్ట్స్ రెండు మూడు. రజని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది.

"రక్తం మూత్రసంచిలోంచి కాదు, కిడ్నీలోంచే వస్తోందని కాస్ట్స్ చెప్తున్నాయి. ఒంటి మీద పుండ్లు లేచాక కొందరు పిల్లలకు కిడ్నీలు ఇలా వాస్తాయి. ఖాయం చేసుకోవడానికి రక్తం పరీక్షలు చేస్తాం. చాలామంది పూర్తిగా కోలుకుంటారు. కానీ బీపీ దిగేదాకా ఇక్కడే ఉండాలి. ఉప్పు బంద్. తాగిన నీళ్లు, వచ్చిన మూత్రం కొలవాలి."

"కొలిచేది నేనే కొలుస్త," అన్నాడు కురుమయ్య.

"కొలవండి."

అడ్మిషన్ కౌంటరులో గుమాస్తా తల ఎత్తకుండా అడిగాడు. పేరు చెప్పారు. ఊరు చెప్పారు.

"కాస్ట్?"

ఎస్తేరమ్మ భర్త వైపు చూసింది. కురుమయ్య జేబులోంచి కొత్త రిపోర్టు తీసి కిటికీలోంచి లోపలికి తోశాడు. ఆ వరుస మీద గోరు ఆనించాడు.

"పాపకు ఉన్నయి. రెండు మూడు. నాకు నిల్."

"కులం అడుగుతున్న పెద్దాయనా."

"కులమైతే ఎంక్వైరీల ఉన్నది," అన్నాడు కురుమయ్య. "ముందు మంచం రాయి."